నంబరు మాటిమాటికీ ఎందుకు మారుతోంది?

అరవై దాటిన వాళ్లున్న ఇంట్లో అలమర సొరుగు లాగితే రెండు మూడు పాత కళ్లజోళ్లు బయటపడతాయి. ఒకటి ఊళ్లో జరిగిన శిబిరంలో ఇచ్చింది, ఒకటి వికారాబాద్‌లో చేయించింది, ఇంకొకటి తాండూరులో పండక్కి ముందు తీసుకున్నది. ఫ్రేములు విరగలేదు, అద్దాలకు గీతలు పడలేదు. ప్రతిసారీ వినపడిన మాట ఒక్కటే: "నంబరు మారింది."

నంబరు మారిందంటే అద్దం మార్చాలనుకుంటాం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి, అది ఎందుకు మారింది అన్నది. ఈ వయసులో కంటి నంబరును మార్చే కారణాలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో కొన్నిటికి కొత్త అద్దాలు చాలు. కొన్నిటికి ఎన్ని అద్దాలు మార్చినా డబ్బు దండగే, పైగా వైద్యానికి వెళ్లాల్సిన కాలం చేజారుతుంది. ఏది ఏ రకమో పాత చీటీలను పక్కపక్కన పెట్టి చదివితే చాలావరకు తెలుస్తుంది. ఆ చదవడం ఎలాగో చెప్పడానికే ఈ అధ్యాయం.

చీటీలో చూడాల్సిన నాలుగు అంకెలు

కళ్లజోడు చీటీలో కుడి కన్నుకు ఒక వరుస, ఎడమ కన్నుకు ఒక వరుస ఉంటాయి. మొదటి గడిలో ఉండేది స్ఫియర్. దీన్నే మనం నంబరు లేదా పవర్ అంటాం. ప్లస్ ఉంటే దగ్గరి చూపుకు ఎక్కువ సాయం కావాలని, మైనస్ ఉంటే దూరం మసకగా ఉంటుందని అర్థం. రెండో గడి సిలిండర్. నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇది అవసరమవుతుంది. ఆ సిలిండర్‌ను ఏ వాలులో బిగించాలో పక్కనున్న యాక్సిస్ చెబుతుంది.

మూడోది యాడ్. దూరపు నంబరుకు పైన, చదవడానికి అదనంగా కలపాల్సిన పవర్ ఇది.

నాలుగోది చాలా చీటీల్లో ఖాళీగా ఉంటుంది. నిజానికి అన్నిటికన్నా విలువైనది అదే. అద్దం పెట్టాక ఆ కన్ను ఎంతవరకు చదివిందో చెప్పే అంకె: 6/6, 6/9, 6/12, 6/18. 6/12 అంటే, ఆరోగ్యంగా ఉన్న కన్ను 12 మీటర్ల దూరం నుంచి చదవగలిగిన అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వచ్చి గాని చదవలేకపోతోందని. కింది అంకె పెరిగేకొద్దీ చూపు తగ్గుతున్నట్టు.

మిగతా మూడు అంకెలు ఏ అద్దం వేయాలో చెబుతాయి. ఆ అద్దంతో కన్ను బాగవుతోందా లేదా అన్నది ఈ నాలుగోదే చెబుతుంది. కాబట్టి ఇకముందు ఎక్కడ పరీక్ష చేయించుకున్నా, ఒక్కో కన్నుకు విడివిడిగా ఈ అంకె రాయించుకోండి, కింద తేదీ వేయించుకోండి. అడిగితే రాస్తారు.

ఇంకో మాట. ఒకే రోజు రెండు చోట్ల చూపించుకున్నా 0.25 తేడా రావడం మామూలే, ఒక్కోసారి 0.50 కూడా వస్తుంది. గడ్డం ఆనించి చూసే కంప్యూటర్ మెషిన్ ఇచ్చేది ఒక అంచనా మాత్రమే. దాని తర్వాత ట్రయల్ ఫ్రేములో అద్దాలు ఒక్కొక్కటిగా మార్చుతూ "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి ఖాయం చేయాలి. మెషిన్ కాగితం చూసి నేరుగా అద్దం కోసే చోట నంబరు ప్రతిసారీ మారినట్టే కనిపిస్తుంది. అక్కడ మారింది కన్ను కాకపోవచ్చు.

అరవై దాటాక ఏది మారాలి, ఏది మారకూడదు

నలభైల్లో మొదలయ్యే చత్వారం అందరికీ వచ్చేదే. కంటిపాప వెనక ఉండే లెన్సు వయసుతో గట్టిపడుతుంది. దగ్గరివి చూడటానికి అది ఉబ్బాలి, ఉబ్బలేకపోతుంది. అందుకే యాడ్ దాదాపు +1.00 దగ్గర మొదలై కొన్నేళ్లకొకసారి కొంచెం కొంచెం పెరుగుతూ, అరవై, అరవై అయిదు నాటికి +2.50 దగ్గరికి చేరుతుంది. అక్కడితో దాని ప్రయాణం దాదాపు ఆగిపోతుంది. లెన్సుకు ఉబ్బే శక్తి పూర్తిగా పోయాక ఇంక పోవడానికి ఏమీ ఉండదు.

దూరపు నంబరు కూడా నలభై, అరవై మధ్య నెమ్మదిగా ప్లస్ వైపు జరుగుతుంది. అయిదారేళ్లలో అర పాయింటో, ముప్పావు పాయింటో. యాక్సిస్ కూడా కొంత తిరగవచ్చు. రెండు కళ్లూ ఇంచుమించు కలిసి మారతాయి. అద్దం పెడితే 6/6 వస్తుంది. ఇది వయసు తెచ్చే మామూలు మార్పు. దీనికి కొత్త అద్దాలు చాలు.

అందుకే అరవై అయిదు దాటిన మనిషికి ఆర్నెల్లకొకసారి నంబరు మారుతుంటే "వయసు కదా" అని సర్దుకోవడం సరికాదు. చత్వారం తన పని ఆ వయసుకు ముగించేసింది. ఇప్పుడు మారుస్తున్నది వేరొకటి. అది ఏదో కనిపెట్టడానికి మూడు ప్రశ్నలు సాయపడతాయి: నంబరు ప్లస్ వైపు వెళ్తోందా, మైనస్ వైపా? రెండు కళ్లూ మారుతున్నాయా, ఒక్కటేనా? అద్దం పెట్టాక 6/6 వస్తోందా?

నాలుగు చీటీల కథ

ఒక ఉదాహరణ తీసుకుందాం. తాండూరులో నాపరాయి పాలిష్ యూనిట్లో పాతికేళ్లు పనిచేసి మానేసిన పెద్దాయన అనుకోండి. ఆయన దగ్గర నాలుగు చీటీలున్నాయి.

62వ ఏట: కుడి +1.00, ఎడమ +1.00, యాడ్ +2.50. రెండు కళ్లూ 6/6.
63వ ఏట: కుడి +0.25, ఎడమ +1.00, యాడ్ +2.50. చూపు అంకె రాయలేదు.
64వ ఏట: కుడి –0.75, ఎడమ +0.75, యాడ్ +2.50. చూపు అంకె రాయలేదు.
65వ ఏట: కుడి –2.00, ఎడమ +0.25, యాడ్ +2.50. కుడి 6/12, ఎడమ 6/9.

విడివిడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పు లేదు. ప్రతి షాపులోనూ ఆ రోజు కన్ను అడిగిన అద్దమే ఇచ్చారు. వరుసగా పెట్టి చూస్తే మాత్రం యాడ్ ఒక్కసారి కూడా కదల్లేదు. చత్వారం కారణం కాదని అదే తేల్చేస్తోంది. కదిలింది దూరపు నంబరు. అదీ మైనస్ వైపు, అదీ కుడి కన్నులో ఎక్కువ. మూడేళ్లలో +1.00 నుంచి –2.00కు, అంటే మొత్తం మూడు పాయింట్లు. చివరికి అద్దం పెట్టినా 6/12 దాటడం లేదు.

ఇది మోతిబిందు, అంటే శుక్లం, ముదురుతున్న తీరు. కంటి లెన్సు జీవితాంతం ఉల్లిగడ్డలా కొత్త పొరలు వేసుకుంటూనే ఉంటుంది. పాత పొరలు నడిమికి నొక్కుకుపోయి గట్టిపడి, పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ గట్టి నడిమి భాగం వెలుతురును మునుపటికన్నా ఎక్కువగా వంచుతుంది. దాంతో నంబరు మైనస్ వైపు జారుతుంది. కొన్నాళ్లు అద్దం మారిస్తే సర్దుకుంటుంది. ఆ తర్వాత లెన్సే మసకబారిపోయాక, ఏ అద్దమూ ఆ మసకను దాటించలేదు.

ఈ దశలో ఇంటిల్లిపాదినీ మురిపించి మోసం చేసే సంగతి ఒకటుంది. 65వ ఏట ఆ పెద్దాయన కళ్లజోడు తీసేసి పేపరు చదవడం మొదలుపెడతాడు. "బాపుకు చూపు మళ్ల వచ్చింది, అద్దాలు లేకుంటనే సదువుతుండు" అని ఇంట్లో వాళ్లు చుట్టాలకు చెబుతారు. లెక్క చూడండి. చదవడానికి ఆయనకు +2.50 అదనం కావాలి. కుడి కన్ను తనంతట తానే –2.00 అయింది కాబట్టి, అందులో రెండు పాయింట్ల సాయం అద్దం లేకుండానే దొరుకుతోంది. వచ్చింది కొత్త చూపు కాదు, ముదురుతున్న మోతిబిందు. దూరం ఎంత తగ్గిందో అడిగితే ఆయనే చెబుతాడు: బస్సు బోర్డు దగ్గరికొస్తే గాని కనిపించడం లేదు, రాత్రి ఎదురొచ్చే బండి లైటు కళ్లల్లో చెదిరిపోతోంది.

రెండో ఇబ్బంది కాళ్ల దగ్గర. రెండు కళ్లకూ మధ్య ఇప్పుడు 2.25 పాయింట్ల తేడా. అద్దాలు పెట్టుకుంటే రెండు కళ్లూ బొమ్మను రెండు సైజుల్లో చూస్తాయి. రెండంచుల అద్దం కింది భాగంలోంచి మెట్లు దిగేటప్పుడు మెట్టు ఒక కన్నుకు ఒక ఎత్తులో, మరో కన్నుకు ఇంకో ఎత్తులో అనిపిస్తుంది. తల తిరుగుతుంది, పడిపోయే ప్రమాదం ఉంటుంది. "అద్దం సరిగ్గా చేయలేదు" అని షాపువాళ్లతో తగువు పడతాం. అద్దం సరిగ్గానే ఉంది. కన్నే అద్దంతో సరిదిద్దే దశ దాటింది.

మొదటి రెండు చీటీల్ని 63వ ఏటనే కంటి డాక్టరుకు చూపించి ఉంటే ఏమయ్యేది? వెంటనే ఆపరేషన్ చేయరు. మోతిబిందు తొలిదశలో ఉంటే అద్దం మార్చి గమనించమంటారు. కానీ కంటి వెనక భాగం, ఒత్తిడి అప్పుడే చూసేవారు. మోతిబిందు ముదిరే దాకా ఆగాలన్న పాత మాట ఇప్పుడు పనికిరాదు. ముదిరి గట్టిపడ్డ లెన్సును తీయడమే కష్టం. రోజువారీ పనికి చూపు చాలకపోతే అదే ఆపరేషన్‌కు తగిన సమయం.

ఆపరేషన్ తర్వాత సంగతి కూడా తెలిసి ఉండాలి. కొత్త కళ్లజోడు నంబరు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు స్థిరపడుతుంది. తొందరపడి రెండో వారంలోనే చేయించకండి. లోపల పెట్టిన కృత్రిమ లెన్సు పవర్ మారదు కాబట్టి ఆ తర్వాత నంబరు పెద్దగా కదలకూడదు. కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ మసక వస్తే, చాలామందిలో కారణం లెన్సు వెనకనున్న పల్చటి పొర మబ్బు పట్టడం. దానికి కొత్త అద్దం అక్కరలేదు. డాక్టరు లేజర్‌తో కొద్ది నిమిషాల్లో ఆ పొరలో దారి చేస్తారు.

షుగర్ ఉన్నప్పుడు

నెలలోపే నంబరు మారిపోయి, రెండు కళ్లూ ఒకేసారి మసకబారితే, అద్దాల షాపుకన్నా ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు అది కంటి లెన్సులోకీ చేరుతుంది. అక్కడ వేరే పదార్థంగా మారి నీటిని లోపలికి లాగుతుంది. లెన్సు ఉబ్బి, దాని పవర్ మారుతుంది. చాలామందికి చక్కెర ఎక్కువున్న రోజుల్లో నంబరు మైనస్ వైపు వెళ్తుంది. మందులు మొదలుపెట్టి చక్కెర వేగంగా తగ్గితే, కొన్ని వారాలు ప్లస్ వైపు తిరుగుతుంది. షుగర్ కొత్తగా బయటపడిన వాళ్లు "మాత్రలు వేసుకున్నాకే చూపు పోయింది" అని భయపడి మందు మానేసేది సరిగ్గా ఇక్కడే. మందు మానకూడదు. లెన్సు మళ్లీ తన తీరుకు రావడానికి సమయం పడుతుంది, అంతే.

కాబట్టి షుగర్ మందు కొత్తగా మొదలైనా, మోతాదు మారినా, చక్కెర నిలకడగా ఉన్న నెలా నెలన్నర తర్వాతే కళ్లజోడు చేయించండి. అందాకా పాతదానితో నెట్టుకురండి. మరీ కష్టమైతే చదవడానికి తాత్కాలికంగా ఒక చవక జత తీసుకోండి. చక్కెర 300 దాటి ఉన్న వారంలో కొలిచిన నంబరుతో ఖరీదైన ప్రోగ్రెసివ్ అద్దాలు చేయిస్తే, చక్కెర అదుపులోకి రాగానే అవి పనికిరాకుండా పోతాయి.

షుగర్ ఉన్నవారికి అసలు ప్రమాదం లెన్సు వెనక, రెటీనాలో ఉంటుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు కారడం, చిట్లడం మొదలైనా చాలాకాలం నొప్పి ఉండదు, నంబరూ మారదు. 6/6 చదివే కంట్లోనూ జబ్బు మొదలై ఉండవచ్చు. అందుకే షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ చూపు బాగున్నా లేకున్నా ఏడాదికొకసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఈ ఒక్క పనికి షాపు ఏ విధంగానూ ప్రత్యామ్నాయం కాదు.

రాతి దుమ్ము, ఎండ, పొడిబారిన కన్ను

తాండూరు, ఆ చుట్టుపక్కల నాపరాతి గనుల్లో, పాలిష్ యూనిట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర పనిచేసిన వాళ్లకు, కంది చేలల్లో ఎండకు ఎండిన వాళ్లకు మరో రెండు కారణాలు తోడవుతాయి.

మొదటిది కంట్లో కండ పెరగడం. తెల్లగుడ్డు మీద, ఎక్కువగా ముక్కు వైపు నుంచి, కండలాంటి పొర నల్లగుడ్డు మీదికి పాకుతుంది. ఎండ దీనికి పెద్ద కారణం, దుమ్ము, వేడిగాలి తోడవుతాయి. ఆ కండ నల్లగుడ్డు వంపును లాగి మార్చేస్తుంది. అప్పుడు స్ఫియర్ అంతగా కదలకుండా సిలిండర్ పెరుగుతూ పోతుంది. చీటీల్లో ఒక కన్ను సిలిండర్ 0.50 నుంచి 1.50కు, అక్కడినుంచి 2.50కు వెళ్తుంటే, వెలుతుర్లో అద్దం ముందు నిలబడి ఆ కన్ను మూలను చూసుకోండి. కండ కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది కంటిపాప దాకా పాకకముందే తీయించుకోవడం మేలు.

రెండోది కన్ను పొడిబారడం. వయసుతో కన్నీటి పొర పల్చబడుతుంది. దుమ్ము, ఫ్యాన్ గాలి దాన్ని ఇంకా ఆరబెడతాయి. ఈ కన్నుకు ఒక గుర్తుంది: రెప్ప కొట్టగానే తేటపడి, కాసేపటికి మళ్లీ మసకవుతుంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఇలాంటి కంటిని మెషిన్ మీద మూడుసార్లు చూస్తే మూడు నంబర్లు వస్తాయి. ముందు పొడిదనానికి చుక్కలు వాడి, కొన్ని వారాల తర్వాత నంబరు చూపించుకోవాలి.

ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. కన్ను ఎర్రబడిందనో, మంటగా ఉందనో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది వేయగానే హాయిగా ఉంటుంది. అందుకే నెలల తరబడి వాడేస్తారు. అలా వాడితే కంటి ఒత్తిడి పెరగవచ్చు, మోతిబిందు తొందరగా రావచ్చు. డాక్టరు రాసిన చుక్కలను కూడా రాసినన్ని రోజులే వేసుకోవాలి.

షాపు చేయగలిగింది, చేయలేనిది

మంచి ఆప్టోమెట్రిస్ట్ ఉన్న షాపు చాలా పని చేస్తుంది. నంబరు జాగ్రత్తగా కొలుస్తుంది, కంటిపాపల మధ్య దూరం చూసి అద్దం బిగిస్తుంది, కొత్త జోడు సరిగ్గా వచ్చిందో లేదో లెన్సోమీటరు మీద సరిచూస్తుంది. తేడా ఉందనుకుంటే తానే డాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది. ఆ మాట చెప్పిన షాపును నమ్మండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండే ఆప్తాల్మిక్ ఆఫీసర్లు కూడా నంబరు చూసి, అవసరమైతే పై ఆసుపత్రికి రాస్తారు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిలో ఖమ్మంలో మొదలైన దాని రెండో విడత, ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లజోళ్లు ఇచ్చాయి. అప్పటి చీటీ మీ దగ్గర ఉంటే అది బంగారం. ఈనాటి నంబరును పోల్చుకోవడానికి అదే మొదటి మెట్టు. అయితే అప్పటి జోడు ఇప్పటికీ సరిపోతోందని చెప్పి పరీక్ష మానుకోవద్దు.

షాపులో మామూలుగా జరగనివి ముఖ్యంగా మూడు: చుక్కలు వేసి రెటీనా చూడటం, స్లిట్‌ల్యాంప్ కింద లెన్సును పొరపొరగా పరీక్షించడం, కంటి ఒత్తిడి కొలిచి కంటినరాన్ని చూడటం. ఈ మూడోది ఎందుకు ముఖ్యమో చెప్పాలి.

నీటికాసుల జబ్బులో కంటినరం నెమ్మదిగా చచ్చిపోతుంది. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అంటే షాపులో 6/6 చదివి, "అద్దాలు బాగున్నాయి" అనిపించుకుని ఇంటికి వచ్చిన మనిషికి ఈ జబ్బు ఉండవచ్చు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని మాత్రమే కాపాడుకోగలం. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996, 2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మన పక్కనున్న మహబూబ్‌నగర్ జిల్లాతో సహా, ప్రజల కళ్లను పరీక్షించింది. నీటికాసులు ఉన్నవాళ్లలో చాలా ఎక్కువమందికి తమకు ఆ జబ్బు ఉందనే తెలియదని అందులో తేలింది. కంటి ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. ఆ హద్దులో ఉన్నా కొందరికి నరం దెబ్బతింటుంది కాబట్టి ఒత్తిడి కొలిస్తే చాలదు, నరాన్నీ చూడాలి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే మీరు నలభై నుంచే చూపించుకోవాలి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష

గోడకున్న క్యాలెండరు ముందు పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకోండి. దూరపు కళ్లజోడు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో ఒత్తకుండా మూసి, తేదీల కింద ఉన్న చిన్న అక్షరాలు ఎంతవరకు చదవగలరో చూడండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కన్నును కప్పేస్తుంది. అందుకే విడివిడిగా చూడాలి.

ఒక కన్ను మసకగా ఉంటే, మందపాటి అట్టముక్కకు పెద్ద సూదితో మిల్లీమీటరంత రంధ్రం చేసి, కళ్లజోడు మీదే అడ్డం పెట్టుకుని ఆ రంధ్రంలోంచి చూడండి. అక్షరాలు తేటపడితే లోపం చాలావరకు నంబరులో ఉన్నట్టు. ముందు అద్దాల పరీక్షకు వెళ్లవచ్చు. తేటపడకపోతే, లేదా ఇంకా చెడిపోతే, లెన్సులోనో రెటీనాలోనో నరంలోనో ఏదో ఉంది. నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లండి. రంధ్రంతో బాగా కనిపించినంత మాత్రాన నీటికాసులు, షుగర్ జబ్బు లేవని మాత్రం అనుకోవద్దు. ఈ పరీక్ష వాటిని పట్టుకోలేదు.

షాపు ఎప్పుడు, డాక్టరు ఎప్పుడు

కళ్లజోడు విరిగినా, గీతలు పడినా, గత ఏడాదిలో డాక్టరు కన్నంతా చూసి బాగుందన్నాక నంబరు పావు పాయింటు అటూ ఇటూ అయినా షాపు చాలు.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటున్నా వారం పది రోజుల్లో కంటి డాక్టరును కలవండి:

- ఆర్నెల్లలో ఏ కన్నులోనైనా నంబరు అర పాయింటు, అంతకన్నా ఎక్కువ మారడం
- ఒక్క కన్ను మాత్రమే మారుతూ ఉండటం
- కొత్త అద్దంతోనూ ఏ కన్నైనా 6/9 దాటకపోవడం
- చాన్నాళ్లుగా లేనిది అద్దాలు లేకుండా చదవగలగడం
- సాయంత్రం పూట బల్బు చుట్టూ రంగుల వలయాలు, కనుబొమ్మ దగ్గర నొప్పి
- తలుపు చట్రం, కరెంటు స్తంభం లాంటి నిటారు గీతలు వంకరగా కనిపించడం (కొత్తగా, అకస్మాత్తుగా మొదలైతే వారం కూడా ఆగవద్దు)

ఈ కింది వాటికి రేపటిదాకా కూడా ఆగవద్దు. అదే రోజు కంటి ఆసుపత్రికి చేరాలి:

- ఒక కన్ను చూపు హఠాత్తుగా పోవడం, నొప్పి లేకపోయినా సరే
- మెరుపులు మెరిసినట్టు ఉండటం, నల్లటి చుక్కలు గుంపుగా రాలడం, ఒక పక్క నుంచి తెర పడినట్టు ఉండటం
- కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, తలనొప్పి, వాంతులు, చూపు మసక. దీన్ని కడుపు జబ్బనో తలనొప్పనో అనుకుని మాత్రలతో రాత్రి గడిపేస్తే, పెరిగిన ఒత్తిడి కంటినరాన్ని కోలుకోలేనంతగా దెబ్బతీయగలదు
- కొత్తగా ఒక వస్తువు రెండుగా కనిపించడం

వీటిలో ఏదీ లేకపోయినా, అరవై దాటిన వాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చుక్కలు వేయించుకుని కన్నంతా చూపించుకోవాలి.

వెళ్లేటప్పుడు

మొదట వికారాబాద్, తాండూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంటి విభాగం ఏ రోజుల్లో చూస్తుందో కనుక్కోండి. పెద్ద పరీక్షలు అవసరమైతే హైదరాబాద్ వెళ్లాలి. వికారాబాద్ నుంచి చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా వచ్చే దారి మెహదీపట్నం చేరుతుంది. ప్రభుత్వానికి చెందిన సరోజినీదేవి కంటి ఆసుపత్రి అక్కడే ఉంది. తాండూరు వాళ్లు రైల్లో వచ్చి లింగంపల్లిలోనో బేగంపేటలోనో దిగవచ్చు. బంజారాహిల్స్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. డబ్బు కట్టలేని వాళ్లకు అక్కడ ఉచితంగా చూసే ఏర్పాటు కూడా ఉంది.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు పనిచేయడానికి అరగంట పడుతుంది. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. కాబట్టి తోడు మనిషిని తీసుకెళ్లండి, బండి నడుపుకుంటూ వెళ్లవద్దు, ఎండకు నల్లద్దాలో టోపీయో పెట్టుకోండి.

ఒక సంచీలో ఇవి వేసుకోండి: పాత చీటీలన్నీ, పాత కళ్లజోళ్లన్నీ, ఇటీవలి షుగర్, బీపీ కాగితాలు, వాడుతున్న మాత్రలు, చుక్కల సీసాలు. చీటీ పోయినా జోడు ఉంటే చాలు. లెన్సోమీటరు మీద పెడితే పాత నంబరు బయటపడుతుంది. అందుకే సొరుగులోని ఆ రెండు మూడు జోళ్లను పారేయకండి. ఒక్కోదాని కాడకు చిన్న కాగితం అతికించి, ఏ సంవత్సరం చేయించిందో రాయండి.

డాక్టరు దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. నంబరు ఎందుకు మారింది? ఈ అద్దంతో ఒక్కో కన్ను ఎంతవరకు చదువుతోంది? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ మూడిటి జవాబులూ చీటీ మీదే రాయించుకున్నాక, కొత్త కళ్లజోడు మీకు ఇష్టమైన షాపులో నిశ్చింతగా చేయించుకోండి.